రేకు చౌకగానే వస్తుంది, కప్పు రాదు

నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో, సముద్రానికి మూడు కిలోమీటర్ల ఇవతల మా ఊరు. మాది ఒక్క అంతస్తు మిద్దె ఇల్లు. ఎండాకాలం మిద్దె కాలిపోతోందని, నా ట్యూషన్ పిల్లలు కూర్చోవడానికి కూడా పనికొస్తుందని 2019లో పైన రేకుల షెడ్డు వేయించాం. 32 అడుగుల వెడల్పు, వాలు వెంట 24 అడుగుల పొడవు, నీలం రంగు రేకులు. అప్పట్లో మూడు చోట్ల ధర అడిగి, అందరికంటే తక్కువ చెప్పిన అతనికి పని ఇచ్చాం.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చింది. అది తీరం దాటింది 5వ తేదీన, బాపట్ల దగ్గర. మా వైపు ముందు రోజు రాత్రి నుంచే గాలి పట్టుకుంది. పైన రేకులు కొట్టుకునే చప్పుడుకి ఇంట్లో ఎవరం నిద్రపోలేదు. తెల్లారి చూస్తే ఇరవై రేకుల్లో సముద్రం వైపు అంచున ఉన్న ఏడు లేవు. రెండు మా వెనక రొయ్యల చెరువులో తేలుతున్నాయి. ఒకటి పక్కింటి కొబ్బరి చెట్టు మొదట్లో మడతపడి ఉంది. ఆ రాత్రి ఆ దారిన ఎవరూ రాకపోవడం మా అదృష్టం. ఇప్పటికీ ఆ రేకు అంచు గుర్తొస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

సంక్రాంతి అయ్యాక మళ్ళీ వేయించాలని కూర్చున్నాం. మా మరిది నెల్లూరులో ఒక షాపు నుంచి చదరపు అడుగు 34 రూపాయల రేకు ధర తెచ్చాడు. నాకూ అదే సబబు అనిపించింది. నా లెక్క ఏమిటంటే, ఉప్పు గాలికి ఏ రేకైనా తుప్పు పడుతుంది, తుపానుకి ఏదైనా ఎగురుతుంది. ఎటూ పోయేదానికి ఎక్కువ డబ్బు ఎందుకు? తక్కువది వేసి, పోయినప్పుడు మళ్ళీ వేసుకుందాం.

ఇందుకూరుపేటలో రేకుల పని చేసే ఒక పెద్ద మేస్త్రిని మా ఆయన పిలిపించాడు. ఆయన తెచ్చిన ధర 58 రూపాయలు. కింద వసారాలోనే అడిగేశాను.

“ఇరవై నాలుగు రూపాయల తేడా ఏంది మేస్త్రీ? రెండూ ఇనుప రేకులే కదా, రెండింటికీ రంగే కదా?”

“చెప్తాను టీచరమ్మా. ముందు పైకి పోదాం రండి. మీ పాత కప్పు ఎందుకు పోయిందో చూడకుండా కొత్తది ఏం వేయాలో ఎట్టా చెప్పేది?”

అంతకుముందు వచ్చిన ఇద్దరూ టేపు పెట్టి కొలుచుకుని పోయారే గానీ, ఎగిరిపోయిన చోటు వైపు చూడలేదు. ఈయన టేపు తీయనే లేదు. నిచ్చెన ఎక్కి, రేకులు పోయిన చోట అడ్డ పైపుల మీద చేత్తో తడుముతూ చివరిదాకా పోయాడు.

“ఇటు చూడండమ్మా. స్క్రూలు ఎక్కడికీ పోలేదు. పైపుకి బిగిసినవి బిగిసినట్టే ఉన్నాయి, వాషర్లతో సహా. రేకు మాత్రం స్క్రూ తల చుట్టూ చిరిగి, తల మీద నుంచి ఊడొచ్చేసింది. చొక్కా గుండీ ఉండిపోయి, కాజా చిరిగినట్టు.”

నిజమే. ఒక స్క్రూ కింద అర్ధ రూపాయి బిళ్ళంత నీలం రేకు ముక్క ఇంకా ఇరుక్కుని ఉంది.

“స్క్రూలు పైపులో నుంచి పీకేసుకుని వచ్చుంటే, పైపు పలచనని అర్థం. పైపులు కూడా లేచిపోయుంటే వెల్డింగ్‌దో, మిద్దెలో దిగేసిన బోల్టులదో తప్పు. మీకు ఆ రెండూ బాగున్నాయి. పోయింది రేకు. ఒకటి పలచన, రెండు స్క్రూలు దూరం దూరం, మూడు స్క్రూ చుట్టూ తుప్పు. మూడూ కలిశాయి.”

“పలచన అని ఎట్టా అంటారు? 0.40 మిల్లీమీటర్లని చెప్పి వేశాడు. బిల్లు మీద కూడా అదే ఉంది.”

“మిగిలిన ముక్క ఏదన్నా ఇంట్లో ఉందా? తుప్పు పట్టంది?”

ఉంది. వేసినప్పుడు మిగిలిన మూడడుగుల ముక్కని పంచలో కట్టెల మీద కప్పి ఉంచాం. ఎండా వానా తగలక కొత్తదానిలా ఉంది. దాన్ని మా ఆయన చెరువు మేత తూచే కాటా మీద పెట్టించాడు మేస్త్రి. 2 కిలోల 400 గ్రాములు చూపించింది.

“ఇది మీరు చెప్పే 0.40 అయితే 3 కిలోల 200 దాకా తూగాలమ్మా.”

నేను బడిలో లెక్కలు చెప్తాను. ఎవరో చెప్పిన అంకెని అలాగే ఒప్పుకునే అలవాటు లేదు. ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను. ఆయన చెప్పిన దాన్ని కాగితం మీద నేనే వేసుకున్నాను. ఒక చదరపు మీటరు ఇనుము, ఒక మిల్లీమీటరు మందం ఉంటే, 7.85 కిలోలు తూగుతుంది. ఈ రేకులన్నీ 1220 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న చుట్ట నుంచి వస్తాయి. గుట్టలు, గాడులు తీశాక వెడల్పు తగ్గినట్టు కనపడుతుంది గానీ ఇనుము అంతే ఉంటుంది. మూడడుగుల ముక్కలో ఉన్నది 1.115 చదరపు మీటర్ల ఇనుము. బిల్లు మీద రాసే 0.40లో పూత, రంగు కూడా కలిసి ఉంటాయి. అవి పోగా ఇనుము సుమారు 0.35 ఉండాలి. 7.85ని 0.35తో, మళ్ళీ 1.115తో గుణిస్తే 3 కిలోల 60 గ్రాములు. పూత, రంగు బరువు కలిపితే 3 కిలోల 200 దగ్గరకి వస్తుంది. తిరగేసి లెక్క వేస్తే మా రేకులో ఉన్న ఇనుము 0.26 మిల్లీమీటర్లు. అంటే కొన్న ఇనుములో నాలుగో వంతు మాకు రానే లేదు.

ఆ అంకె చూసి చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఐదేళ్ళ కింద ఇదే కాటా ఇదే ఇంట్లో ఉంది. తూచాలన్న ఆలోచనే రాలేదు.

“సరే, వాడు మోసం చేశాడు. మా మరిది తెచ్చింది 0.35 అని నిజమే చెప్తున్నారు. తూచి తీసుకుంటాం. అప్పుడు ఇబ్బంది ఏముంది?”

“అది కూడా రేకేనమ్మా, వేయకూడదని నేను అనను. ఊరి లోపల ఆవుల కొట్టానికి, నాలుగు వైపులా చెట్లున్న చోట నేనే వేశాను. మీకు సముద్రం మూడు కిలోమీటర్లు, పైగా మిద్దె మీద, చుట్టూ చెరువులు. గాలికి అడ్డం ఏముంది ఇక్కడ? ఈ పైపులు ఎంత దూరంలో ఉన్నాయో చూడండి. ఐదడుగులకి కొంచెం తక్కువ. పలచని రేకు ఐదడుగులు నిలవదు. మనిషి నడిస్తే సొట్ట పడుతుంది, గాలికి పైకీ కిందికీ కొట్టుకుంటుంది. కొట్టుకుని కొట్టుకుని స్క్రూ దగ్గర పగులుతుంది. మీరు రాత్రంతా విన్న చప్పుడు అదే. 0.35 వేయాలంటే ప్రతి రెండు పైపుల మధ్య ఇంకొక పైపు వేయాలి. ఆ ఇనుము ఎవరి లెక్కలో ఉంది?”

మరిది తెచ్చిన కాగితంలో అది లేదు.

ఇప్పుడు ఆరు వరసల పైపులున్నాయి, వాటి మధ్య ఐదు ఖానాలు. పలచని రేకుకి ఐదు ఖానాల్లోనూ ఒక్కో వరస కావాలి. మేస్త్రి చెప్పిన 0.50 రేకుకి రెండు చివరి ఖానాల్లో మాత్రం ఒక్కో వరస చాలు. ఒక వరసకి పైపు, వెల్డింగ్, రంగు కలిపి 2,800 అన్నాడు. అంటే మూడు వరసల తేడా, 8,400. రేకు మొత్తం 800 చదరపు అడుగులు కొనాలి. చౌకది 27,200, ఆయన చెప్పింది 46,400. నేను 19,200 మిగులుతుందని అనుకున్నది పైపులు లెక్కలోకి రాగానే 10,800కి దిగింది.

“చివరి ఖానాల్లోనే ఎందుకు? మధ్యలో గాలి తగలదా?” అని మా ఆయన అడిగాడు.

“తగులుతుందన్నా. కానీ కప్పుని గాలి కిందకి నొక్కదు, పైకి పీకుతుంది. ఆ పీకుడు అంచుల్లో, మూలల్లో చాలా ఎక్కువ. మీవి ఎక్కడి నుంచి పోయాయి? అంచు నుంచే కదా. మధ్యవి ఉన్నాయి కదా.”

ఇది నన్ను బాగా పట్టుకుంది. ఆ రాత్రి పిల్లల ఫిజిక్సు పుస్తకం ముందు పెట్టుకుని నాకు వచ్చినంతలో లెక్క వేశాను. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, వర్గం చేసి, 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు ఎన్ని న్యూటన్ల ఒత్తిడో వస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల గాలికి అది చదరపు అడుగుకి సుమారు నాలుగున్నర కిలోలు. రేకు బరువు చూస్తే చదరపు అడుగుకి మూడు వందల గ్రాములు కూడా లేదు. అంటే కప్పుని పట్టుకుని ఉంచేది స్క్రూలే, దాని బరువు కాదు.

మా పాత కప్పులో స్క్రూకీ స్క్రూకీ మధ్య రెండడుగులు, పైపుకీ పైపుకీ ఐదడుగులు. ఒక్కో స్క్రూ పది చదరపు అడుగులు మోసేది. అంటే 45 కిలోల లాగుడు. అంచుల్లో దానికి రెట్టింపు వేసుకున్నా 90 కిలోలు, పావు మిల్లీమీటరు రేకు మీద, తుప్పు పట్టిన రంధ్రం చుట్టూ. పైగా షెడ్డు పక్కలు తెరిచి ఉన్నాయి కాబట్టి కింద నుంచి తోసే గాలి అదనం. మేస్త్రి చెప్పినట్టు చివర్లలో పైపుల మధ్యన ఇంకొక పైపు వేసి, ప్రతి గుట్ట మీదా స్క్రూ వేస్తే, ఒక్కోదానికి రెండు చదరపు అడుగులే వస్తుంది. అంచులో కూడా 18 కిలోలు దాటదు. భారతీయ ప్రమాణాల ప్రకారం నెల్లూరులో కట్టడాలకు లెక్కలోకి తీసుకోవాల్సిన మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. వేగం పెరిగినంతే బలం పెరగదు, దాని వర్గంగా పెరుగుతుంది. ఆ గాలికి ఇవే అంకెలు మూడు రెట్లు దాటతాయి. “తుపానుకి ఏదైనా ఎగురుతుంది” అనుకున్న నా మాట అక్కడే తప్పని తేలింది. ఏది ఎగురుతుందో ముందే చెప్పొచ్చు.

మర్నాడు మేస్త్రి మళ్ళీ వచ్చాడు. తుప్పు మాట తీశాను.

“గాలి సంగతి ఒప్పుకున్నాను. ఉప్పు సంగతి ఏంటి? మందం రేకైనా తుప్పు పట్టదా?”

“పడుతుందమ్మా. పట్టదని చెప్పేవాడిని నమ్మొద్దు. ఎప్పుడు పడుతుంది, ఎక్కడ మొదలవుతుంది అన్నదే మాట. మీ రేకులు పైన బాగానే ఉన్నాయి, వాన కడుగుతుంది కాబట్టి. కింద వైపు చూరు దగ్గర చూడండి.”

చూరు కింద వానచుక్క తగలని చోట రేకు అడుగు భాగం పొక్కులు పొక్కులుగా లేచి ఉంది. గాలి తెచ్చిన ఉప్పు అక్కడ పేరుకుని, కడిగే నీళ్ళు లేక, రాత్రి చెమ్మకి తడిసి, పొద్దున ఆరి, అలా ఐదేళ్ళు తినేసింది. రెండో చోటు గోడ పక్కన. గోడకీ రేకుకీ మధ్య సందుని పాత అతను సిమెంటుతో పూడ్చాడు. ఆ తడి సిమెంటు రేకు పూతని తింటుందట. సిమెంటు ఊడదీస్తే కింద రేకు జల్లెడలా ఉంది. మూడోది రేకుల అంచులు. గ్రైండరుతో కోశారు. దాని నిప్పురవ్వలు పక్కన పడిన చోటల్లా చిన్న చిన్న ఎర్ర చుక్కలు.

“రంగు చూసి అందరూ మురిసిపోతారు. రంగు కింద ఉండే పూతే అసలుది. అల్యూమినియం, జింకు కలిపిన పూత. చదరపు మీటరుకి ఎన్ని గ్రాములు అన్నది అడగాలి, రెండు వైపులా కలిపి. మీ మరిది గారి రేకు 70 గ్రాములు. నేను చెప్పేది 150. ఉప్పు తినాల్సింది ముందు ఆ పూతని. అది రెట్టింపు ఉంటే ఇనుము దాకా రావడానికి ఎక్కువ కాలం పడుతుంది.”

“గ్యారంటీ కాగితం ఇస్తారా?”

“కంపెనీ ఇస్తుంది. కానీ చదివి తీసుకోండి. సముద్రానికి ఇంత దూరం లోపల వర్తించదు అని చాలావాటిలో ఉంటుంది. ఎన్నేళ్ళు అని పెద్ద అక్షరాల్లో ఉన్నది కాదు, ఈ ముక్క చూడాలి.”

అత్తయ్య అక్కడే కూర్చుని వింటోంది. “అంత తంటా ఎందుకు నాయనా, సిమెంటు రేకులు వేస్తే తుప్పే ఉండదు కదా” అంది. సిమెంటు రేకు తుప్పు పట్టదన్న మాట నిజమేనని ఆయన ఒప్పుకున్నాడు. బరువు మాత్రం నాలుగు రెట్లు దాకా ఉంటుంది, మా ఫ్రేము దానికోసం కట్టింది కాదు. కొబ్బరికాయ పడితే పగులుతుంది. అందులో కలిపే ఆస్‌బెస్టాస్ పొడి కోసినప్పుడు, పగిలినప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతుందని తెలిసి, పిల్లలు కూర్చునే చోట దాన్ని పెట్టడానికి నాకు మనసు ఒప్పలేదు.

ఇంకొక మాట నా మనసులో ఉండిపోయింది. అడగడానికి మొహమాటం వేసింది. అయినా అడిగాను. “మేస్త్రీ, ఏమీ అనుకోవద్దు. ఖరీదైన రేకు అమ్మితే మీకు షాపు వాళ్ళు ఏమన్నా ఇస్తారా?”

ఆయన కోపం తెచ్చుకోలేదు. “కొందరు ఇస్తారమ్మా, లేదని చెప్పను. అందుకే రేకు మీరే కొనుక్కోండి, మీ ఇష్టం వచ్చిన చోట. నాకు పరిచే కూలి చదరపు అడుగుకి 18 ఇవ్వండి. చౌక రేకు అయినా, మంచిది అయినా నా కూలి అంతే. తూచి తీసుకోండి, అది ఒక్కటే నా షరతు.”

కూలి రెండింటికీ ఒకటే అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. చౌక రేకు వేస్తే, ఈసారి కూడా ఐదేళ్ళే వస్తుందనుకుందాం. అప్పుడు మళ్ళీ రేకులు 27,200. మళ్ళీ పరిచే కూలి 14,400. పాతవి విప్పి దించడానికి 4,000, కొత్త స్క్రూలకి 3,500. మొత్తం 49,100. పాత రేకులు ఇనుప సామాను కొట్లో వేస్తే మాకు వచ్చింది మూడు వేల పైచిలుకు. దాన్ని తీసేసినా 45,000 దాటుతుంది. ఇప్పుడు 10,800 మిగుల్చుకోవడానికి ఐదేళ్ళ తర్వాత 45,000 పెట్టాలి. ఆ డబ్బుకి ఐదేళ్ళ వడ్డీ కట్టుకున్నా ఈ లెక్క తిరగబడదు. మంచి రేకు పదేళ్ళే నిలిచినా చాలు, నాకు గిట్టుబాటే. మరిదికి కాగితం చూపించాను. అతను రెండుసార్లు కూడి చూసి, “సరే వదినా, మీరు చెప్పిందే చేద్దాం” అన్నాడు.

రేకులు నెల్లూరులో మేమే కొన్నాం. పాత కప్పులో వాలు పొడవుకి రెండేసి రేకులు కలిపి అతుకు వేశారు, ఈసారి అతుకు లేకుండా 24 అడుగులవి కోయించాం, పది. అడుగు వైపు మందం, పూత గ్రాములు ముద్రించి ఉన్నాయి. షాపు అతన్ని అడిగితే, 0.50లో ఇనుము 0.42 ఉంటుందని చెప్పాడు. లెక్క ప్రకారం ఒక్కో రేకు 31 కిలోలు దాటాలి. మేత గోడౌన్‌లో పెద్ద కాటా మీద పదీ కలిపి పెడితే 309 కిలోలు వచ్చింది. ఆ చిన్న తేడా తయారీలో మామూలే అన్నాడు మేస్త్రి. బిల్లు మీద బరువు కూడా రాయించుకున్నాను.

పరిచే రోజు నేను బడికి సెలవు పెట్టి పైనే ఉన్నాను. రేకులు పరవడం నైరుతి వైపు నుంచి మొదలుపెట్టారు. మనకు పెద్ద వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం గాలితో వస్తాయి. ఇటు నుంచి పరుచుకుంటూ పోతే, రేకు మీద రేకు ఎక్కిన అంచు గాలికి వీపు పెట్టినట్టు ఉంటుంది. సందులోకి గాలీ వానా దూరవు. కొయ్యాల్సిన చోట గ్రైండరు వాడలేదు, కత్తెరతోనే కోశారు. స్క్రూలు కాస్త ఖరీదైనవే తెప్పించాడు, తుప్పుకి తట్టుకునే పూత ఉన్నవి, కింద నల్ల రబ్బరు వాషరుతో. స్టీలు స్క్రూలు ఇంకా మంచివి కదా అని అడిగితే, ఈ పూత మీద స్టీలు పెడితే దాని చుట్టూ రేకే ముందు తినుకుపోతుందని వద్దన్నాడు.

మధ్యాహ్నం ఒక కుర్రాడు స్క్రూలు గట్టిగా దిగ్గొడుతుంటే మేస్త్రి పనాపి, పక్కన కూర్చోబెట్టి చూపించాడు. రబ్బరు వాషరు అంచుకి వచ్చి కొంచెం ఉబ్బితే చాలు. అంతకు మించి బిగిస్తే రబ్బరు పిండైపోయి ఏడాదికి పగులుతుంది, నీళ్ళు దిగుతాయి. వదులుగా ఉంటే ఈరోజే దిగుతాయి. ఆ కుర్రాడు వేసిన పద్నాలుగు స్క్రూలూ విప్పించి మళ్ళీ వేయించాడు. సాయంత్రం దిగే ముందు రేకుల మీద పడిన ఇనుప రజనంతా మెత్తటి చీపురుతో ఊడిపించాడు. రాత్రి మంచుకి అది తడిస్తే తెల్లారేసరికి తుప్పు మరకలు పడతాయట. గోడ దగ్గర ఈసారి సిమెంటు లేదు. గోడలో గాడి తీసి, రంగు రేకుని వంచి అందులో దూర్చి, సందుకి సీలెంటు పెట్టారు.

పని మొత్తం రెండున్నర రోజులు పట్టింది. ఆ ఏడాది అక్టోబరులో మొదటి పెద్ద వానకి గోడ మూలన ఒక చోట చుక్క చుక్కగా కారింది. మేస్త్రికి ఫోన్ చేశాను. వచ్చి చూసి, గాడిలో సీలెంటు పెట్టిన చోట గోడ సున్నం పొడి ఊడి సందు పడిందని, అది తన తప్పేనని చెప్పి, గీకి మళ్ళీ పెట్టి పోయాడు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. తర్వాత కారలేదు. గాలి ఎంత వీచినా రాత్రుళ్ళు ఆ టపటప చప్పుడు కూడా లేదు.

ఇప్పుడు నేను చేసేది ఒకటే. దీపావళి ముందు ఒకసారి, వేసవి సెలవుల్లో ఒకసారి, పైపు పెట్టి చూరు అడుగు భాగం, గోడ పక్కన వాన తగలని చోటు మంచినీళ్ళతో కడుగుతాను. మా బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, అవి వాడొద్దని మేస్త్రి గట్టిగా చెప్పాడు కాబట్టి ట్యాంకరు నీళ్ళే. మొన్న కడిగినప్పుడు ఈశాన్యం మూలన ఆరు స్క్రూల తలల మీద గోధుమ రంగు కనపడింది. ఫోటో తీసి పంపితే, “రేకు మీదకి పాకకముందే మార్చేద్దాం అమ్మా, ఆదివారం వస్తాను” అన్నాడు. ఆరూ మార్చాం, వంద రూపాయల లోపు అయింది. విప్పిన స్క్రూ రంధ్రాల చుట్టూ వేలితో తడిమి చూశాను. రంగు నున్నగానే ఉంది.